ఆ పిల్ల ఏ రోజు చేరినట్టు?

మా దుకాణం మెయిల్‌కు వచ్చే ఉత్తరాల్లో సగం, జంపఖానా రంగు ఫోటోలో ఉన్నట్టు లేదని. మిగతా సగం మాకు లాటరీ తగిలిందని. అందుకే ఆ మధ్యాహ్నం "మీ మాజీ ఉద్యోగి వివరాలు ధ్రువీకరించగలరు" అని ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాన్ని కూడా చెత్తబుట్టలోకి తోసేయబోయాను. అందులో ఆ పిల్ల పేరు కనబడి చెయ్యి ఆగింది.

ముందు మా సంగతి చెప్పాలి. వరంగల్ బజారులో మాది జంపఖానాల టోకు దుకాణం. కొత్తవాడ మగ్గాల మీద నేసినవి తెచ్చి అమ్ముతాం. ఈ మధ్య ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నాం. దుకాణానికి యజమాని మా మామగారు. మా ఆయన సరుకు వెంట ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి కంప్యూటరు, మెయిలు, జీఎస్టీ, కోపంగా ఉన్న కొనుగోలుదారులు, అన్నీ కోడలినైన నా వాటా. ఆ కోపంగా ఉన్నవాళ్లను రెండేళ్ల పాటు నా బదులు చల్లబరిచింది ఆ పిల్లే. నేతవాళ్ల ఇంటి అమ్మాయి. డిగ్రీ అవుతూనే మా దగ్గర చేరింది. ఆన్‌లైన్ ఆర్డర్లన్నీ చూసేది. నెల ముందే చెప్పి, తన పనంతా నాకు నేర్పి, మొన్ననే మానేసింది. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం దొరికింది, అక్కడా కోపంగా ఉన్నవాళ్లను చల్లబరిచే పనే. కాకపోతే ఏసీలో కూర్చుని.

ఉత్తరం రాసింది ఆ కంపెనీ కాదు, వాళ్ల తరఫున ఇలాంటివి ఆరా తీసే ఇంకో సంస్థ. నాకు అనుమానం పోలేదు. ఎవరో అడిగితే ఒక ఆడపిల్ల వివరాలు ఎలా చెప్పేస్తాం? జతచేసిన కాగితం తెరిచి చూస్తే, తన పాత యజమానులను అడగడానికి సమ్మతిస్తున్నానని ఆ పిల్ల పెట్టిన సంతకం ఉంది. అయినా ఫోన్ చేశాను.

"నేనే ఇచ్చిన్నక్కా మన మెయిల్," అంది, గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. "మీకు ఫోన్ జేసి చెప్దామనే అనుకుంటాన్న. ఇది ఒక్కటి అయిపోతే జాయినింగ్ తేదీ ఇస్తరట. జర జల్ది పంపున్రి అక్కా."

నేను ఫోన్ పెట్టేసేసరికి మామగారు గల్లా దగ్గర నుంచి లేచి నా వెనక నిలబడి ఉన్నారు.

"ఎవలమ్మా, ఏం అడుగుతాన్రు?"

"మన పిల్ల గురించి మామయ్యా. కొత్త కంపెనోళ్లు అడుగుతాన్రు, ఎట్ల పని చేసిందని."

"ఏం జేసిందట?"

"ఏం జెయ్యలే. ఉద్యోగమిచ్చే ముందు పాత సేటును అడుగుతరు, అంతే."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇక్కడే మొదలైంది అసలు గొడవంతా. మా ఇళ్లల్లో ఒక పిల్ల గురించి ఎవరైనా వాకబు చేశారంటే అది సంబంధం కోసమే. అలాంటి వాకబుకు జవాబు చెప్పడంలో మామగారికి బజారంతా పేరుంది. ఆయన చెప్పిన మాట మీద కుదిరిన పెళ్లిళ్లు లెక్కలేనన్ని. ఆయన కుర్చీ లాక్కుని, కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నారు.

"రాయమ్మా. పిల్ల బంగారం. పెద్దమనిషి ఇల్లు. వాళ్ల నాయిన నేసిన జంపఖానా ఇప్పటికీ మా ఇంట్ల ఉన్నది, పోగు లేవలే. తాత కూడా గట్లాంటోడే. పిల్ల ఎదురు మాట్లాడది. చాయ మంచిగ పెడ్తది."

"చాయ పెడ్తదని రాయమంటరా మామయ్యా?"

"రాయి. అదీ గుణమే కదా."

ఆ పిల్ల ఎదురు మాట్లాడదన్న మాట విని నాకు నవ్వాగలేదు. రెండేళ్లు నాతో ఎదురు మాట్లాడడం తప్ప ఏం చేసింది గనక? చాయ్ విషయమైతే చెప్పక్కర్లేదు, అది పెట్టిన చాయ్‌ని మొహమాటం కొద్దీ తాగింది మామగారొక్కరే. నేను ఆయనకు ఓపిగ్గా చెప్పాను, అంటే నా మట్టుకు నేను ఓపిగ్గానే చెప్పాననుకున్నాను, వీళ్లు కట్నాలు మాట్లాడుకోవడానికి రావడం లేదు, అడిగినదానికే జవాబివ్వాలి, అదీ మన దగ్గర ఆధారం ఉన్నంత వరకే, పొగిడినా తిట్టినా మనమే చిక్కుల్లో పడతామని. ఆయన కండువా మళ్లీ సర్దుకుని, "మంచి మాట చెప్తె చిక్కేందమ్మా," అని గల్లా దగ్గరికి పోయారు. అలిగారు.

వాళ్లు అడిగినవి తేలికైనవే. ఎప్పుడు చేరింది, ఎప్పుడు మానింది, ఏ పని, ఎందుకు మానింది, ప్రవర్తన మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా, మీకు బంధువా, మళ్లీ వస్తే తీసుకుంటారా. నేను హాజరు, బ్యాంకు వివరాలు ముందు పెట్టుకుని నింపాను. చేరింది జూన్. పని ఆన్‌లైన్ ఆర్డర్ల బాధ్యత. మానడానికి కారణం మెరుగైన అవకాశం. ఫిర్యాదులు లేవు. బంధువు కాదు. చివరి ప్రశ్న దగ్గర ఆగాను. మళ్లీ తీసుకుంటారా అన్నది యజమాని చెప్పాల్సిన మాట కదా అనుకుని ఖాళీగా వదిలేశాను. మామగారు అలక మీద ఉన్నారు, ఇప్పుడు అడిగితే మళ్లీ తాతల దగ్గర నుంచి మొదలుపెడతారు. అలాగే పంపేశాను.

నిజం చెప్పాలంటే ఆయన అలక ఒక్కటే కారణం కాదు. ఆ ప్రశ్న చదివితే నాకు ఏడుపొచ్చింది. ఆమె ఖాళీ చేసిన కుర్చీలో నేను కూర్చుని, ఆమె పనులన్నీ నేనే చేస్తూ, ఆమె వెళ్లిపోవడానికి నేనే తలుపు తీస్తున్నానని అనిపించింది. అది ఇక్కడే ఉంటే నాకెంత హాయి. కానీ అది వెళ్లాలనే కోరుకున్నాను, మనస్ఫూర్తిగానే.

ఖాళీ వదిలిన ఆ ఒక్క ప్రశ్నే కొంప ముంచింది. మర్నాడు ఆ సంస్థవాళ్లు దాని కోసం నేరుగా యజమానికే ఫోన్ చేశారు. నేను వెనక గోదాంలో కట్టలు కట్టిస్తున్నాను. నేను వచ్చేసరికి మామగారు ఫోన్ చెవికి ఆనించుకుని, కాళ్లు కుర్చీ మీదికి మడిచి, బజారంతా వినబడేలా మాట్లాడుతున్నారు.

"ఎప్పుడు చేరిందంటె, మంచి దినం చూసి చేర్పించినమమ్మా. ఉగాది పోయినంక. ఏప్రిల్ల. నేనే పంచాంగం చూసిన. అవును, ఏప్రిలే. మా ఇంటి బిడ్డ లెక్క అమ్మా ఆమె."

ఆపమని సైగలు చేశాను. ఆయన నా సైగలు చూసి, ఇంకా బాగా చెప్పమంటున్నానని అనుకున్నారు. చాయ్ విషయం కూడా చెప్పారు.

రెండో రోజు ఉత్తరం వచ్చింది. చాలా మర్యాదగా ఉంది, అందుకే ఇంకా భయమేసింది. ఒకే యజమాని నుంచి చేరిన తేదీకి రెండు జవాబులు వచ్చాయి, మెయిల్‌లో జూన్, ఫోన్‌లో ఏప్రిల్. అభ్యర్థి తన వివరాల్లో ఏప్రిల్ అని రాసుకుంది. ఆ మే నెలలో ఆమె డిగ్రీ పరీక్షలు రాసినట్టు కాలేజీ రికార్డులో ఉంది. దయచేసి వివరణ ఇవ్వగలరు. వాళ్లు ఏమనుకుంటున్నారో ఎక్కడా రాయలేదు. రాయక్కర్లేదు. అనుభవం ఎక్కువ చూపించుకోవడానికి పిల్ల అబద్ధం చెప్పింది, ముసలాయన వంత పాడాడు అని చదువుకోవచ్చు.

ఆ సాయంత్రమే పిల్ల ఫోన్ చేసింది. మొన్నటి ఉత్సాహం లేదు.

"అక్కా, క్లారిఫికేషన్ వచ్చెదాక జాయినింగ్ ఆపిన్రట. నేను ఏప్రిలే రాసిన. బాపు అదే కదా చెప్పిండు, నువ్వు చేరిన దినం గిదే, యాదికుంచుకో అని."

మామగారిని ఆమె బాపు అనే పిలిచేది. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

మూఢం. ఆ ఏడాది ఉగాది దాటాక కొద్ది రోజుల్లో మూఢం వచ్చింది. మూఢంలో మామగారు కొత్త చీపురు కూడా కొననివ్వరు. పిల్లకేమో పరీక్షలు అయ్యేది జూన్‌లో, అప్పటికి మూఢం విడవదు. మూఢంలో చేరితే ఆమెకు కలిసిరాదు, మాకు అసలే కలిసిరాదు. అందుకని మామగారు తెలివిగా ఆలోచించి, మూఢం రాకముందే ఒక మంచి రోజు ఆమెను తల స్నానం చేసి రమ్మన్నారు. వచ్చింది. దేవుడి పటం ముందు దీపం ముట్టించింది. ఎవరో తెల్లారే వచ్చి కొన్న చిన్న జంపఖానాకు ఒక బిల్లు రాసింది. మా అత్తగారు పెట్టిన లడ్డూ తిన్నది. పుస్తకాలు చంకలో పెట్టుకుని, మళ్లీ చదువుకోవడానికి ఇంటికి పోయింది. అంతా కలిపి చాయ్ చల్లారేంత సేపు పట్టలేదు. తరవాత ఆమె మొహం మేము చూసింది జూన్‌లోనే.

ఇప్పుడు చెప్పండి, ఆమె ఏ రోజు చేరినట్టు?

"దీపం ముట్టించిన దినమే," అన్నారు మామగారు. ఆయనకు ఇందులో సందేహమే లేదు. "జూన్ల వచ్చింది పనికి. చేరింది ఏప్రిల్లనే. పెండ్లి ముహూర్తానికి అయితదా, కాపురానికి పోయిన నాడు అయితదా?"

"జీతం జూన్ నుంచి ఇచ్చినం కదా మామయ్యా."

"జీతం ఇచ్చుడు వేరు, చేరుడు వేరు."

నాకు కోపం నెత్తికెక్కింది. ఆ కోపంలోనే నవ్వూ వచ్చింది, అది ఇంకా చిరాకు. చివరికి ఆయనే దిగివచ్చినట్టుగా ఒక ఉపాయం చెప్పారు.

"పోనీ, నువ్వు కూడా ఏప్రిల్ అని రాసి పంపు. ఇద్దరి మాట ఒకటైతది. పిల్లకు ఫికర్ పోతది."

"అప్పుడు నిజంగనే అబద్ధమైతది మామయ్యా. ఏప్రిల్, మే జీతం ఏదని అడుగుతె ఏం జూపిస్తం? పరీక్షలు రాస్తనే దుకాణంల ఎట్ల కూసున్నదని అడుగుతె? ఇప్పుడు గందరగోళం ఉన్నది గని మోసం లేదు. తేదీ మారిస్తె మోసం మనం చేసినట్టు, చెడ్డ పేరు పిల్లకు."

 పిల్లకు చెడ్డ పేరు అన్న మాట మామగారికి తగిలినట్టుంది. అప్పటిదాకా ఆయనకు ఇది తన ముహూర్తం మీద వచ్చిన వాదన. ఇప్పుడు మొదటిసారి పిల్ల ఉద్యోగమైంది.

"మరి ఉన్నదున్నట్టు రాయి," అన్నారు. "మూఢం సంగతి కూడా రాయి. వాళ్లకు తెల్వకపోతె తెలుసుకుంటరు."

ఉన్నదున్నట్టు రాయడం ఎంత కష్టమో ఆ రాత్రి వంట మానేసి కూర్చున్నప్పుడు తెలిసింది. మూఢాన్ని ఇంగ్లీషులో ఏమంటారు? శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వచ్చి కనబడకుండా పోతాడు, అందుకని మేము మా ఉద్యోగిని ముందే చేర్చుకున్నాం అని రాస్తే ఆ సంస్థ మమ్మల్నే ఆరా తీయడం మొదలుపెడుతుంది. కొట్టేశాను. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను. ఆఖరికి అన్నీ తీసేస్తే నాలుగు వాక్యాలు మిగిలాయి. మా వ్యాపార కుటుంబాల ఆచారం ప్రకారం ఏప్రిల్‌లో ఒక శుభదినాన ఆమె దుకాణానికి వచ్చి లాంఛనంగా పని ప్రారంభించింది. పరీక్షల కారణంగా క్రమం తప్పకుండా పనికి రావడం, జీతం తీసుకోవడం జూన్ నుంచి. అభ్యర్థి ఏప్రిల్ అని రాసింది మేము ఆమెకు ఆ తేదీనే చెప్పినందువల్ల. ఉద్యోగ అనుభవం లెక్కించడానికి జూన్‌నే తీసుకోగలరు. కొత్త ఉత్తరంగా కాకుండా మొదటి ఉత్తరానికి జవాబుగానే పంపాను, ముందు చెప్పింది, ఇప్పుడు చెబుతున్నది ఒకేచోట కనబడాలని. పిల్లకు ఫోన్ చేసి, కంపెనీవాళ్లు అడగకముందే ఇదే సంగతి తనూ రాసి పంపమన్నాను. మా ఇద్దరి మాట కలిపించడానికి కాదు, జరిగింది అదే కాబట్టి.

అక్కడితో అయిపోలేదు. దుకాణానికి సొంత పేరుతో మెయిల్ లేదు, ఎవరైనా ఉచితంగా తెరుచుకునేదే మాది. కాబట్టి అదే వివరణ దుకాణం పేరున్న కాగితం మీద, ముద్రతో, యజమాని సంతకంతో కావాలన్నారు. మామగారికి ఇది బాగా నచ్చింది. ఇదీ పద్ధతంటే, అన్నారు. సంతకం చేసే ముందు కాగితానికి నాలుగు మూలలా పసుపు రాశారు. నేను స్కాన్ చేస్తే నాలుగు మూలలా కాగితం పాతబడి చివికిపోయినట్టు వచ్చింది. ఇంకో కాగితం తీసుకుని, పసుపు వెనకవైపు రాయండి మామయ్యా అని బతిమాలాను. వెనకవైపే రాశారు.

మర్నాడు పొద్దున ఆ సంస్థ నుంచి ఒక అమ్మాయి నాకే ఫోన్ చేసింది. ఉత్తరాల్లో కనబడినంత కఠినంగా లేదు గొంతు.

"మేడమ్, మీ లెటర్ చదివాను. నాకు అర్థమైంది. కానీ మా సిస్టమ్‌లో కారణం ఎంచుకోవాలి. టైపింగ్ పొరపాటు, రికార్డులు దొరకలేదు, అభ్యర్థి తప్పుడు సమాచారం. ఈ మూడే ఉన్నాయి. మీది ఏదీ కాదు."

"మూఢం రాకముందే చేర్పించాలని గట్ల జేసినం, మరి ఎట్లమ్మా?"

"ఇతరములు అని ఒకటుంది. దాంట్లో రాయాలి. మూఢం స్పెల్లింగ్ ఏంటి మేడమ్?"

నేను నవ్వడం మొదలుపెట్టాను. నవ్వకూడదని తెలుసు, పిల్ల ఉద్యోగం ఇంకా గాల్లోనే ఉంది, అయినా ఆగలేదు. అవతల ఆ అమ్మాయీ నవ్వేసింది, వెంటనే గొంతు సర్దుకుంది. తమ పని జరిగింది జరిగినట్టు రాసి కంపెనీకి పంపడం వరకేనని, తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయమని చెప్పింది. యజమాని వివరణతో తేడా పరిష్కారమైంది అని రాస్తానంది. తరవాత, "ఒక్కటి మిగిలిపోయింది మేడమ్. మళ్లీ తీసుకుంటారా అన్నదానికి మొన్న సార్‌ను అడిగాను. సార్ చాలా చెప్పారు గానీ, దానికి జవాబు రాలేదు," అంది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి మామగారి ముందుంచాను. ఒక్క మాటే చెప్పండి మామయ్యా అని చేతులు జోడించాను.

ఆయన ఫోన్ వైపు చూశారు. తరవాత నేను కూర్చుంటున్న కుర్చీ వైపు చూశారు.

"తీసుకుంటం," అన్నారు. అంతే. తాత లేడు, చాయ్ లేదు. ఆయన జీవితంలో చెప్పిన వాకబు జవాబుల్లో అంత చిన్నది ఇంకోటి ఉండదు.

ఆ వారమంతా నేను మెయిల్ చూసిన తీరు చెబితే నవ్వుతారు. జంపఖానా రంగు వెలిసిందని ఒకాయన రాస్తే, ఇది ఆ కంపెనీ ఉత్తరం కాదు కదా అని ఆయన మీద కోపం వచ్చింది. పిల్ల పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి, "ఏమన్న వచ్చిందా అక్కా," అనేది. నాకు రాదే పిచ్చిదానా, వస్తే నీకే వస్తది, అని తిట్టేదాన్ని. మళ్లీ నేనే గంటకోసారి చూసేదాన్ని. మామగారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు. మంచి రోజున చేరిన పిల్ల, ఎట్లా ఆగుతుంది అన్నది ఆయన ధైర్యం.

వచ్చింది. పిల్ల ఫోన్ చేసి మాట్లాడలేక నవ్వుతూనే ఉంది, నేనూ ఇటునుంచి నవ్వుతూనే ఉన్నాను. కాసేపటికి ఇద్దరం ఏడుస్తున్నామని తెలిసింది. జాయినింగ్ తేదీ ఇచ్చారట, వచ్చే సోమవారం. ఫోన్ మామగారికిచ్చాను. ఆయన సంతోషంగా అందుకుని, తేదీ విని, పంచాంగం కోసం చెయ్యి చాచారు. ఆయన మొహం చూడగానే నాకు అర్థమైపోయింది.

"అమాస," అన్నారు.

ఆ కంపెనీకి మెయిల్ రాసి తేదీ మార్పించమంటారేమోనని హడలిపోయాను. ఇన్ని తిప్పలు పడి సంపాదించిన ఉద్యోగానికి మళ్లీ ముహూర్తం అడ్డం వస్తే, ఈసారి ఆ ఆరా తీసే సంస్థ అమ్మాయి సిస్టమ్‌లో నిజంగానే గడి దొరకదు. కానీ ఆయన ఫోన్‌లో అన్నది అది కాదు.

"గురువారం మంచిగున్నది. పొద్దున తానం జేసి మన దుకాణానికి రా బిడ్డా."

గురువారం పొద్దున మేము షట్టర్ ఎత్తేసరికే తడి జుట్టుతో మెట్ల మీద నిలబడి ఉంది. దీపం ముట్టించింది. నేను లేచి కుర్చీ ఇచ్చాను. కంప్యూటర్ ముందు కూర్చుని, నా మీద రెండు రోజులుగా మండిపడుతున్న ఒకాయనకు, ఆ జంపఖానా రంగు వెలిసిందన్నాయనే, నాలుగు వాక్యాల్లో జవాబు రాసి పంపింది. కొత్త ఉద్యోగం పని అదే కదా, కోపంగా ఉన్నవాళ్లను చల్లబరచడం. అత్తగారు లడ్డూ పెట్టారు. పిల్ల లేచి మామగారి కాళ్లకు మొక్కింది.

"ఇగ నువ్వు చేరినవ్ బిడ్డా," అన్నారాయన. "సోమవారం పోయి పని జేసుకో."

హైదరాబాదులో గది చూసుకోవాలి, బస్సుకు టైమైందని అది పరుగెత్తుకుంటూ వెళ్లింది. నేను కుర్చీలో కూర్చుని చూస్తే, ఆ కోపిష్టాయన దగ్గర నుంచి అప్పుడే జవాబు వచ్చి ఉంది, థాంక్యూ అని. ఎప్పుడో ఒకప్పుడు ఆ కంపెనీకి కూడా ఇలాంటి ఉత్తరం వస్తుంది, ఈ అమ్మాయి మీ దగ్గర ఏ రోజు చేరిందని. వాళ్లు సోమవారమనే రాస్తారు, అలాగే రాయాలి కూడా. మామగారితో మాత్రం ఇక నేను వాదించదలుచుకోలేదు. ఆ పిల్ల గురువారమే చేరింది, మా దుకాణంలో, నా కళ్ల ముందు.